డిస్లెక్సియా అసెస్‌మెంట్ ఫలితాలు: తల్లిదండ్రులకు అర్థమయ్యే ఉత్తరం ఎలా రాయాలి

డిస్లెక్సియా అసెస్‌మెంట్ అయ్యాక తల్లిదండ్రుల చేతికి ఒక పెద్ద రిపోర్టు వస్తుంది. అది స్కూలుకు పనికొస్తుంది, సర్టిఫికెట్ ఇచ్చే బోర్డుకు పనికొస్తుంది, రేపు ఇంకో సైకాలజిస్టు చూడాల్సి వస్తే ఆయనకూ పనికొస్తుంది. తల్లిదండ్రులు మాత్రం చివరి పేజీ తిప్పి, మధ్యలో కంటబడ్డ ఒకటి రెండు అంకెలు గుర్తుపెట్టుకుని ఇంటికెళ్తారు. రాత్రి నాయనమ్మ "ఏమన్నారురా డాక్టరు గారు?" అని అడిగితే ఆ అంకెల్లోంచే ఏదో ఒకటి చెబుతారు. ఆ ప్రశ్నకు వాళ్లు సరైన జవాబు చెప్పగలగడానికే ఈ ఉత్తరం. ఇది రిపోర్టుకు బదులు కాదు, దానితో పాటు ఇచ్చేది. రెండు పేజీలు దాటకూడదు.

ఉదాహరణ కోసం ఒక బాబును ఊహించుకుందాం. పేరు కార్తీక్, వయసు తొమ్మిదేళ్లు, ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతి, ఇంట్లో తెలుగు. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, పేపరు మీద మాత్రం సున్నా. "బద్ధకమా, బుర్ర లేదా, లేక స్కూలు బాగాలేదా?" ఇదీ వాళ్లమ్మ మొదటి రోజు అడిగిన మాట. చివర్లో వాళ్ల కోసం ఉత్తరం పూర్తిగా రాసి చూపిస్తాను.

మొదటి అడుగు: ముందు మాట, తర్వాత ఉత్తరం

'డిస్లెక్సియా' అన్న మాట తల్లిదండ్రులు మొదటిసారి కాగితం మీద చూడకూడదు. ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాలి, ఏడిస్తే ఏడవనివ్వాలి, అడిగినవాటికి జవాబివ్వాలి. ఉత్తరం ఆ తర్వాత వారం లోపల వెళ్లాలి. అంతకంటే ఆలస్యమైతే విన్నది సగం మరిచిపోయి, మిగతా సగం బంధువుల సలహాలతో నింపేసుకుంటారు.

ఆ మీటింగులో వాళ్లు వాడిన మాటలు రాసుకోండి. కార్తీక్ వాళ్లమ్మ అడిగిన మూడు ముక్కల ప్రశ్నే ఉత్తరానికి అస్థిపంజరం. బద్ధకం కాదు, బుర్ర బాగానే ఉంది, స్కూలు ఒక్కటే కారణం కాదు. ఈ మూడూ చెప్పని ఉత్తరం ఎంత బాగా రాసినా ఆవిడ దృష్టిలో జవాబు రానట్టే.

ఇంకో సంగతి. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. "నాకూ చిన్నప్పుడు ఇంతేనండీ, టెన్త్‌తో ఆపేశా" అని తండ్రి అన్నాడంటే, మీ ఉత్తరం చదవాల్సిన మనిషికే చదవడం కష్టం కావచ్చు. అందుకని అక్షరాలు పెద్దవిగా, వాక్యాలు చిన్నవిగా, పేరాల మధ్య ఖాళీ వదిలి రాయండి. ఉత్తరాన్ని మీ గొంతుతో చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపినా తప్పులేదు. తండ్రిని ఇబ్బంది పెట్టకుండా, అందరికీ ఇలాగే పంపుతానని చెప్పండి.

రెండో అడుగు: తేలింది ముందే చెప్పేయండి

రిపోర్టులో చరిత్ర, పరీక్షల పేర్లు, ప్రవర్తన అన్నీ అయ్యాక నిర్ధారణ వస్తుంది. ఉత్తరంలో ఆ వరస తిరగేయాలి. రెండో పేరాకే విషయం వచ్చేయాలి, లేకపోతే చదివేవాళ్లు టెన్షన్‌తో పై పేరాలు దాటేస్తారు.

'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' అనేది చట్టంలోని మాట, సర్టిఫికెట్ మీద అదే ఉంటుంది. అందుకని ఒక్కసారి రాయాలి, అది కాగితాల కోసం వాడే పేరని పక్కనే చెప్పాలి. మిగతా ఉత్తరమంతా డిస్లెక్సియా అంటే చాలు. 'లక్షణాలు ఉన్నట్లు సూచనలు కనిపిస్తున్నాయి' లాంటి గోడమీది పిల్లి వాక్యాలు వద్దు. తేలితే తేలిందని రాయండి. తేలకపోతే ఏ విషయం తేలలేదో, ఎప్పుడు మళ్లీ చూస్తారో రాయండి.

మూడో అడుగు: అంకెలు ఎలా చెప్పాలి

ఉత్తరాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. కార్తీక్‌కు మాటల్ని అర్థం చేసుకుని ఆలోచించే భాగంలో 108 వచ్చింది, పర్సెంటైల్ 70. విన్నదాన్ని మనసులో నిలుపుకుని దానితో పనిచేసే భాగంలో 80 వచ్చింది, పర్సెంటైల్ 9. రెండూ భారతీయ పిల్లల ప్రమాణాలున్న పరీక్షలోవే.

ఇవి అలాగే రాస్తే మన ఇళ్లలో మూడు రకాలుగా చదువుతారు. 108 చూసి "వందకి నూటెనిమిదా?" అంటారు. 9 చూసి వందకు తొమ్మిది మార్కులనుకుని బెంబేలెత్తుతారు. ఎంట్రన్సుల అలవాటున్న ఇంట్లో అయితే 'తొమ్మిదో ర్యాంకు' అనుకుని సంతోషపడేవాళ్లూ ఉంటారు! పర్సెంటైల్ పెరిగితే మంచిది, ర్యాంకు తగ్గితే మంచిది. ఆ తిరకాసు మనం విప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

అందుకే పర్సెంటైల్ మాట వదిలేసి మనుషుల్ని వరసలో నిలబెట్టండి: "ఇదే వయసు పిల్లల్ని వంద మందిని తీసుకుంటే, ఈ విషయంలో కార్తీక్ సుమారు డెబ్బై మంది కంటే ముందున్నాడు." రెండోదానికి: "సుమారు తొంభై మంది పిల్లలకు ఇది కార్తీక్ కంటే తేలిక." అన్నిచోట్లా 'సుమారు' ఉండాలి. ఇదే పరీక్ష ఇంకోరోజు పెడితే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. ఆ సంగతి కూడా ఒక్క వాక్యంలో చెప్పేస్తే, వచ్చే ఏడు 80 కాస్తా 77 అయినప్పుడు "తగ్గిపోయాడు" అన్న గొడవ రాదు.

మొత్తం ఐక్యూ అంకె ఉత్తరంలో వేయొద్దంటాను. దీనిమీద మన వాళ్లలోనే భేదాభిప్రాయాలున్నాయి, తల్లిదండ్రులకు అన్నీ తెలియాలి కదా అంటారు. తెలియాల్సిందే, రిపోర్టులో ఉంటుంది, మీటింగులో చెప్పాం. కానీ కార్తీక్ లాంటి పిల్లల్లో ఒక భాగం 108, ఇంకో భాగం 80 ఉన్నప్పుడు వాటిని కలిపిన అంకె ఆ పిల్లవాడి గురించి ఏమీ చెప్పదు. పైగా ఇంట్లో అందరికీ గుర్తుండిపోయేది ఆ ఒక్క అంకే.

చదవడం, రాయడం దగ్గర సమస్య వేరు. నిమ్హాన్స్ బ్యాటరీ గానీ, సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారుచేసిన గ్లాడ్ పరీక్ష గానీ వాడితే, పిల్లవాడు ఏ తరగతి పాఠం చదవగలుగుతున్నాడో తెలుస్తుంది. విదేశీ పరీక్షలు వాడితే పర్సెంటైల్ వస్తుంది కానీ, అది అక్కడి పిల్లలతో పోల్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడిని ఆ వరసలో నిలబెట్టి 'సుమారు తొంభై ఐదు మంది వీడి కంటే ముందున్నారు' అనడం న్యాయం కాదు. అలాంటి అంకెల్ని ఉత్తరంలోకి తేవద్దు. రిపోర్టులో పెట్టినా ఆ పరిమితి రాసి పెట్టండి.

తరగతి స్థాయికీ ఒక ప్రమాదం ఉంది. "రెండో తరగతి స్థాయిలో ఉన్నాడు" అని రాస్తే, మర్నాడు తండ్రి స్కూలుకెళ్లి "రెండో క్లాసులో వేయమంటున్నారు" అనొచ్చు. 'రెండో తరగతి పాఠం తడబడకుండా చదువుతున్నాడు, మూడో తరగతి పాఠం నుంచి తడబడుతున్నాడు. ఇది చదవడం గురించి మాత్రమే, తెలివి గురించి కాదు, తరగతి మార్చాల్సిన పనిలేదు' అని పూర్తిగా రాయాలి.

నాలుగో అడుగు: కళ్లకు కనిపించే రుజువు

అంకెలన్నీ కలిసి చేయలేని పని ఒక్క ఉదాహరణ చేస్తుంది. కార్తీక్‌ను నాలుగో తరగతి ఇంగ్లీషు పాఠం ఒకటి చదవమన్నాం, ఐదు ప్రశ్నలడిగితే రెండింటికి చెప్పాడు. అంతే కష్టమైన ఇంకో పాఠం మేం చదివి వినిపించి ఐదు అడిగితే ఐదూ చెప్పాడు. ఈ రెండు వాక్యాలు చాలు, బద్ధకమూ బుర్రా అన్న ప్రశ్నలకు జవాబు వచ్చేసింది. మీ అసెస్‌మెంట్‌లో ఈ పోలిక లేకపోతే చేర్చండి. పది నిమిషాల పని.

తప్పుల్లోంచి కూడా రెండు మూడు ఏరి పెట్టండి. చదివేటప్పుడు 'హౌస్' అని ఉన్నచోట 'హార్స్' అన్నాడు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడన్నమాట. తెలుగు డిక్టేషన్‌లో 'పుస్తకం' చెబితే 'పుసతకం' అని రాశాడు, 'విద్యార్థి' చెబితే 'విదార్ది' అని రాశాడు. ఒత్తులు జారిపోతున్నాయి. వీటిని ఇంట్లోవాళ్లు రోజూ నోటుబుక్కుల్లో చూస్తూనే ఉంటారు. అందుకే మన మాట నమ్ముతారు.

తెలుగును వదిలేయకండి. "తెలుగు బానే చదువుతాడండీ, ఇంగ్లీషే రాదు" అని చాలామంది అంటారు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి, డిస్లెక్సియా ఉన్న పిల్లలు కూడా నాలుగేళ్లు కష్టపడి తప్పుల్లేకుండా చదవడం దాకా వస్తారు. వేగం మాత్రం రాదు, కూడబలుక్కుంటూనే ఉంటారు. ఇంగ్లీషులో ఒకే అక్షరం చోటును బట్టి మారుతుంది కాబట్టి ఇబ్బంది ఎక్కువగా బయటపడుతుంది. రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉందని ఉత్తరంలో చూపిస్తేనే ఇది ట్యూషన్‌తో పోయే ఇంగ్లీషు సమస్య కాదని తెలుస్తుంది. నిజంగానే ఇంగ్లీషులో మాత్రమే ఇబ్బంది ఉంటే, డిస్లెక్సియా అనే ముందు ఆ పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత, ఎలా నేర్పారో చూడాలి.

ఐదో అడుగు: బలం రాసేటప్పుడు

'కార్తీక్ చాలా మంచి బాలుడు, చురుకైనవాడు' అంటే ఓదార్పు మాటలని వెంటనే పసిగట్టేస్తారు. బలాన్ని కూడా రుజువుతో రాయాలి, దాన్ని చదువుకు ఎలా వాడుకోవాలో చెప్పాలి. విని గుర్తుపెట్టుకుని కారణాలు చెప్పగలడు కాబట్టి సైన్సు, సోషల్ పాఠాలు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించాలి. బలం నుంచి చేసే పని పుట్టాలి. పుట్టకపోతే ఆ వాక్యం తీసేయొచ్చు.

ఆరో అడుగు: చేయాల్సినవి మూడే

రిపోర్టులో పదిహేను సిఫార్సులుంటాయి. ఉత్తరంలో మూడు ఉండాలి: ఇంట్లో ఒకటి, స్కూల్లో ఒకటి, స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర ఒకటి. ప్రతిదానికీ ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది రాయాలి. 'చదవడంలో ప్రోత్సహించండి' అంటే అమ్మ రాత్రి తొమ్మిదింటి దాకా పక్కన కూర్చుని చదివిస్తుంది, ఇద్దరూ ఏడుస్తారు. 'రోజూ పది నిమిషాలు, రెండో తరగతి పుస్తకం, ఒక పేజీ మీరు, ఒక పేజీ వాడు' అంటే చేయగలుగుతుంది.

చేయకూడనిదీ ఒకటి చెప్పాలి. మందు లేదు, కళ్లజోడుతో పోదు. చూపు, వినికిడి పరీక్షలు చేయించి మామూలుగా ఉన్నాయని తేలిందని కూడా రాయండి. లేకపోతే రంగు అద్దాలనీ, మెదడు టానిక్కులనీ డబ్బు తగలేస్తారు.

సర్టిఫికెట్ గురించి ఒక పేరా చాలు, కానీ తప్పు ఉండకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా నిర్దిష్ట అభ్యసన వైకల్యం కింద ఉంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకే సర్టిఫికెట్ ఇచ్చేవారు. పద్నాలుగేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు మళ్లీ పరీక్షించాల్సి ఉండేది. పద్దెనిమిదికి ఇచ్చింది జీవితాంతం చెల్లేది. 2024లో ఆ మార్గదర్శకాల స్థానంలో కొత్తవి వచ్చాయి, వాటిని చూసి రాయండి. సీబీఎస్‌ఈలో గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం దొరుకుతుంది. స్టేట్ బోర్డు రాయితీలకు ఆ ఏడాది ఉత్తర్వులు చూసి రాయండి, జ్ఞాపకం మీద రాయొద్దు.

ఉత్తరం

ఇప్పుడు కార్తీక్ వాళ్లకు వెళ్లే ఉత్తరం ఇలా ఉంటుంది.

కార్తీక్ అమ్మగారికి, నాన్నగారికి,

నమస్కారం. పోయిన గురువారం మనం మాట్లాడుకున్న విషయాలు ఇంట్లో తీరిగ్గా చదువుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. కార్తీక్ పేపరు మీద ఎందుకు వెనకబడుతున్నాడు, బద్ధకమా, తెలివి లేకా, స్కూలు వల్లా అని మీరు అడిగారు.

కార్తీక్‌కు డిస్లెక్సియా ఉంది. అక్షరాల్ని వాటి శబ్దాలతో కలిపి, తడుముకోకుండా చదవడం, రాయడం వాడికి కష్టం. ప్రభుత్వ కాగితాల్లో దీన్ని 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' అంటారు. ఇది బద్ధకం కాదు. తెలివి తక్కువ కావడం కాదు. మీ పెంపకం వల్ల వచ్చింది కాదు. స్కూలు ఒక్కటే కారణమూ కాదు, ఎందుకంటే ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఒకేలాంటి ఇబ్బంది కనిపించింది.

మాటల్ని అర్థం చేసుకుని ఆలోచించడంలో, వాడి వయసు పిల్లల్ని వంద మందిని తీసుకుంటే కార్తీక్ సుమారు డెబ్బై మంది కంటే ముందున్నాడు. నాలుగో తరగతి పాఠం మేం చదివి వినిపిస్తే ఐదు ప్రశ్నలకు ఐదూ చెప్పాడు. అలాంటిదే తను చదువుకున్నప్పుడు రెండే చెప్పగలిగాడు. కొత్తగా బండి నేర్చుకునేవాళ్లకు ధ్యాసంతా గేరు, క్లచ్ మీదే ఉండి రోడ్డు పక్క బోర్డు కనబడదు. కార్తీక్‌కూ అంతే, అక్షరాలు కూర్చుకోవడంలోనే శక్తి అయిపోయి, అర్థం దాకా చేరడం లేదు.

రెండో తరగతి పాఠం బాగా చదువుతున్నాడు, మూడో తరగతి పాఠం నుంచి తడబడుతున్నాడు. 'హౌస్' ఉన్నచోట 'హార్స్' అని ఊహించి చదువుతున్నాడు. తెలుగులో 'పుస్తకం' రాయమంటే ఒత్తు పోయి 'పుసతకం' అయింది. ఇది చదవడం గురించి మాత్రమే. తరగతి మార్చాల్సిన అవసరం లేదు.

విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడం కూడా వాడికి కష్టం. వంద మందిలో సుమారు తొంభై మందికి ఇది కార్తీక్ కంటే తేలిక. "పైకెళ్లి బ్యాగు తెచ్చుకుని, డైరీ తీసి, నీళ్లు తాగి రా" అంటే బ్యాగు దగ్గరే ఆగిపోతాడని మీరు చెప్పింది ఇందువల్లే. ఒకసారికి ఒక పనే చెప్పండి. ఇంకోరోజు పరీక్షిస్తే ఈ అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి, కంగారు పడకండి.

రాబోయే మూడు నెలల్లో మూడు పనులు. ఇంట్లో రోజూ పది నిమిషాలు రెండో తరగతి స్థాయి కథల పుస్తకం, ఒక పేజీ మీరు, ఒక పేజీ వాడు. ఆగితే ఆ మాట మీరే చెప్పేసి ముందుకెళ్లండి. సైన్సు, సోషల్ పాఠాలు మీరు చదివి వినిపించండి. స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున, శబ్దాల నుంచి అక్షరాలు, అక్షరాల నుంచి మాటలు వరసగా నేర్పే క్లాసు. స్కూల్లో క్లాసు టీచరు గారిని రెండు కోరండి: ముందుగా చెప్పకుండా అందరి ముందు పైకి చదివించవద్దని, సైన్సు, సోషల్ జవాబుల్లో స్పెల్లింగు తప్పులకు మార్కులు తీయవద్దని.

దీనికి మందు లేదు. వాడి చూపు, వినికిడి బాగానే ఉన్నాయి. ఇలా నేర్పితే చదవడం మెరుగవుతుంది, కానీ వేగం తోటి పిల్లలంత రాకపోవచ్చు. అందుకే పెద్ద పరీక్షల్లో అదనపు సమయం అవసరమవుతుంది. ఈ ఉత్తరం సర్టిఫికెట్ కాదు. దానికి ప్రభుత్వ మెడికల్ బోర్డుకు వెళ్లాలి, కావలసిన కాగితాలు నేను సిద్ధం చేసి ఇస్తాను.

ఆరు నెలల తర్వాత చదవడం మళ్లీ చూద్దాం. ఈలోపు ఏ సందేహమున్నా, సాయంత్రం నాలుగు నుంచి ఐదు మధ్య ఫోను చేయండి.

ఇట్లు,
(సంతకం, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ)

ఏడో అడుగు: పంపే ముందు, పంపాక

పైకి చదవండి. మీకే ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విరవండి. తర్వాత ఇంకోసారి, కార్తీక్ ఇంటర్‌కి వచ్చాక బీరువా సర్దుతూ ఈ కాగితం చూసి చదివినట్టు ఊహించుకుని చదవండి. వాడికి చిన్నతనంగా అనిపించే మాట ఏదైనా ఉంటే మార్చండి.

కవరు మీద తల్లిదండ్రుల పేర్లే ఉండాలి. స్కూలుకు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. ఇంటి మాటలున్న పేరాలు స్కూలుకు అక్కర్లేదు కాబట్టి, అడిగితే టీచరుకు విడిగా అర పేజీ రాసివ్వండి. ఒకే ఉత్తరంతో రెండు పనులూ కానివ్వాలనుకుంటే తల్లి కోసం రాసిన మాట స్టాఫ్‌రూములో కబుర్లకు పనికొస్తుంది.

వారం తర్వాత ఫోను చేసి "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అర్థమైందనే అంటారు. "ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఏం చెప్పారు?" అని అడగండి. "వింటే అన్నీ వచ్చట, చదవడం దగ్గరే అడ్డు పడుతోందట, వారానికి మూడు రోజులు క్లాసుకు పంపాలట" అంటే పని అయినట్టే. "ఏదో మెదడులో లోపమన్నారండీ" అన్నారంటే రెండో పేరా తిరగరాయాలి, మళ్లీ పిలిచి మాట్లాడాలి.